ఇంప్లాంట్ చుట్టూ నెత్తురు కనిపిస్తే: పెరి-ఇంప్లాంటైటిస్‌ని గుర్తించడం, ఆపడం, రోజువారీ శుభ్రత

పోయిన పన్ను చోట దవడ ఎముకలో టైటానియం స్క్రూ, అంటే ఇంప్లాంట్ పెట్టించుకుని పైన క్యాప్ బిగించాక చాలామంది దాని సంగతే మర్చిపోతారు. టైటానియానికి పిప్పి పట్టదు, జివ్వుమనదు, నరం లేదు కాబట్టి రూట్ కెనాల్ గొడవా లేదు. కానీ దాని చుట్టూ ఉండే చిగురు, దాన్ని పట్టుకున్న దవడ ఎముక మనవే. జబ్బు వాటికి వస్తుంది.

ఈ జబ్బు రెండు మెట్లుగా నడుస్తుంది. వాపు చిగురు వరకే ఉంటే దాన్ని పెరి-ఇంప్లాంట్ మ్యూకోసైటిస్ అంటారు. పాచి తీసేసి శుభ్రంగా ఉంచితే ఇది కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. వాపు కిందికి దిగి ఎముక కరగడం మొదలైతే అది పెరి-ఇంప్లాంటైటిస్. కరిగిన ఎముక దానంతట అది తిరిగి రాదు. కాబట్టి మీరు ఏ మెట్టు మీద ఉన్నారో తేల్చుకోవడమే అసలు పని. ఇక్కడ చెప్పేదంతా కింది దవడలో వెనక పన్ను స్థానంలో ఒకే ఇంప్లాంటు, దాని మీద సిమెంటుతో అతికించిన క్యాపు ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నది. నాలుగు ఇంప్లాంట్ల మీద మొత్తం పళ్ల సెట్టు ఉన్నవాళ్ల శుభ్రత పద్ధతి కొంత వేరుగా ఉంటుంది.

సొంత పంటి చిగుళ్ల జబ్బుకీ దీనికీ తేడా ఎక్కడ

మొదలయ్యేది రెండు చోట్లా ఒకేలా. చిగురు అంచున పాచి చేరుతుంది, శరీరం దానితో పోరాడుతుంది, చిగురు ఎర్రబడి ముట్టుకుంటే నెత్తురు వస్తుంది. తేడా ఆ తర్వాత, లోపల ఉంది.

సొంత పంటి వేరుకీ ఎముకకీ మధ్య సుమారు 0.2 మి.మీ. మందాన సన్నని పొర ఉంటుంది. అందులోని నారపోగులు ఒక కొస వేరులో, రెండో కొస ఎముకలో దిగి, నులక మంచం పట్టీల్లా పన్నును మధ్యలో వేలాడదీసి పట్టుకుంటాయి. చిగురు దగ్గర కూడా ఆ పోగులు వేరులోకే అడ్డంగా గుచ్చుకుని ఉంటాయి కాబట్టి కిందికి దిగే సూక్ష్మజీవులకు అదొక అడ్డు. ఈ పొరలో రక్తనాళాలు కూడా ఉంటాయి. జబ్బు వచ్చిన చోటికి కావలసిన రక్తం అటు నుంచి కూడా అందుతుంది.

ఇంప్లాంటుకి ఈ పొర లేదు. ఎముక నేరుగా టైటానియానికి అతుక్కుంటుంది. చిగురులోని పోగులు లోహంలోకి దిగలేవు, దాని పక్కన నిలువుగానో, చుట్టూ వలయంగానో సర్దుకుంటాయి. రక్త సరఫరా ఎముక పైపొర మీది నాళాల నుంచే. అందుకే సొంత పంటి దగ్గర వాపు ప్రాంతానికీ ఎముకకీ మధ్య సాధారణంగా ఆరోగ్యమైన కణజాలం కొంత అడ్డుగా మిగులుతుంది. ఇంప్లాంట్ దగ్గర ఆ అడ్డు ఉండదు, వాపు నేరుగా ఎముక అంచుదాకా వెళ్తుంది. పైగా ఎముకలో దిగిన భాగం మర చుట్లతో, కావాలని గరుకుగా చేసిన ఉపరితలంతో ఉంటుంది. ఎముక అతుక్కోవడానికి చేసిన ఆ గరుకుదనమే, ఎముక కరిగి చుట్లు బయటపడ్డాక పాచికి పట్టు అవుతుంది. అందుకే ఎముక తరుగుదల ఒకసారి మొదలైతే పోనుపోను వేగం పుంజుకుంటుంది.

పేషెంట్ వైపు నుంచి చూస్తే దీనివల్ల మూడు మోసాలు జరుగుతాయి. ఒకటి, నొప్పి ఉండదు. రెండు, కదలదు. సొంత పళ్లకు పయోరియా వస్తే అవి మెల్లగా ఊగుతూ హెచ్చరిస్తాయి. ఇంప్లాంట్ మాత్రం సగం ఎముక పోయినా, మిగతా సగం పట్టుకున్నంత కాలం బండలా నిలబడే ఉంటుంది. అది కదిలిందంటే ఇక మిగిలింది ఏమీ లేదని అర్థం. మూడు, ఎముక ఇంప్లాంటు చుట్టూ గిన్నెలా కరుగుతుంది కాబట్టి పైన చిగురు ఎత్తు పెద్దగా మారకపోవచ్చు, అద్దంలో అంతా బాగానే కనిపిస్తుంది. మిగిలిన ఒకే ఒక్క తొలి హెచ్చరిక నెత్తురు. దాన్ని ‘బ్రష్ గట్టిగా తగిలిందేమో’ అని కొట్టిపారేయకండి.

మొదటి అడుగు: మీ ఫైలు వెతకండి

క్లినిక్‌కి వెళ్లేముందు చేయాల్సిన పని ఇది, చాలామంది చేయనిది కూడా ఇదే. ఇంప్లాంట్ రోగ నిర్ధారణ అంటే ఈరోజు కొలతను పాత కొలతతో పోల్చడం. పాత కొలత లేకపోతే డాక్టర్ కొంత ఊహించాల్సి వస్తుంది.

ముఖ్యంగా కావాల్సింది క్యాప్ బిగించిన రోజు తీసిన చిన్న ఎక్స్‌రే, అంటే ఆర్‌వీజీ. తర్వాత ఏడాదికి తీసింది ఉంటే ఇంకా మంచిది. ఆ రోజుల్లో చిగురుకీ క్యాపుకీ మధ్య సందు ఎంత లోతు ఉందో రాసిన కాగితం ఉంటే అదీ. వీటితోపాటు ఇంప్లాంట్ కంపెనీ పేరు, వ్యాసం, పొడవు, లాట్ నంబరు ఉన్న స్టిక్కర్ లేదా కార్డు. ఈ స్టిక్కర్ ఎందుకంటే, ఒక్కో కంపెనీ స్క్రూకి ఒక్కో రకం డ్రైవర్ పడుతుంది. ఏ కంపెనీదో తెలియకపోతే క్యాప్ విప్పడమే కష్టం. హైదరాబాద్‌లో సెలవులకు వచ్చి ఇంప్లాంట్ వేయించుకుని అమెరికాకో గల్ఫ్‌కో తిరిగి వెళ్లేవాళ్లు చాలామంది. వాళ్లకు ఈ కార్డు మరీ అవసరం. మీ దగ్గర లేకపోతే పెట్టిన క్లినిక్‌నే అడగండి. ఎక్స్‌రేని ఫోన్‌లో స్క్రీన్ ఫొటో తీసుకోవడం కాకుండా అసలు ఫైలు మెయిల్ చేయమనండి.

రెండో అడుగు: ఇంట్లో రెండు నిమిషాల పరీక్ష

చేతులు కడుక్కుని, మంచి వెలుతురులో అద్దం ముందు నిలబడండి. చూపుడు వేలి మెత్తని భాగాన్ని ఇంప్లాంట్ దగ్గర చిగురు మీద, క్యాపుకి సుమారు ఒక సెంటీమీటరు కింద ఆనించి, నొక్కి ఉంచుతూ క్యాపు వైపు మెల్లగా జరపండి. బుగ్గ వైపు ఒకసారి, నాలుక వైపు ఒకసారి. అంచు దగ్గర పసుపు పచ్చని బొట్టు ఊరితే అది చీము. అప్పుడు అపాయింట్‌మెంట్ వచ్చే నెలకి కాదు, ఈ వారానికే తీసుకోండి.

తర్వాత సందుల్లో దూర్చే చిన్న బ్రష్ పెట్టి తీసి, తెల్ల కాగితం మీద తుడిచి చూడండి. ఎర్ర మరక, చెడు వాసన రెండూ గమనించాల్సినవే. కొత్తగా ఈ బ్రష్ మొదలుపెట్టినవాళ్లకు మొదటి కొద్ది రోజులు నెత్తురు రావడం మామూలే. రోజూ సరిగ్గా వాడుతున్నా రెండు వారాలు దాటి వస్తోందంటే చూపించుకోవాలి.

క్యాప్ కదులుతుంటే కంగారు పడి ఇంప్లాంటే పోయిందనుకోకండి. చాలాసార్లు లోపలి స్క్రూ వదులైతే క్యాప్ మాత్రమే గిర్రున తిరుగుతుంది లేదా లటపటలాడుతుంది. అలాగని నమిలేస్తూ ఉండిపోకూడదు. వదులైన జాయింటు సందులో సూక్ష్మజీవులు చేరతాయి, స్క్రూ లోపలే విరిగితే తీయడం పెద్ద పని అవుతుంది. ఆ వైపు నమలడం ఆపి వెళ్లి బిగించుకోండి.

మూడో అడుగు: క్లినిక్‌లో ఏం కొలవాలి

ప్రోబ్ అంటే మిల్లీమీటర్ గీతలున్న సన్నని పుల్ల. దాన్ని చిగురుకీ క్యాపుకీ మధ్య మెల్లగా దింపి లోతు చూస్తారు. ఒత్తిడి 20 నుంచి 25 గ్రాముల బరువంత, అంతకు మించకూడదు. ప్రోబ్ తగిలితే ఇంప్లాంట్ పాడవుతుందనే భయంతో కొలవకుండా వదిలేసేవాళ్లు ఇప్పటికీ కొందరున్నారు. ఆ భయం అనవసరం. కొలవకపోవడమే ప్రమాదం.

చుట్టూ ఆరు చోట్ల కొలవమని అడగండి: బుగ్గ వైపు మూడు, నాలుక వైపు మూడు. ఒకచోట సూది మొనంత నెత్తురు చుక్క వస్తే అది ప్రోబ్ గుచ్చుకుని కూడా రావచ్చు. అంచు వెంబడి గీతలా పాకినా, బొట్టుగా ఊరినా వాపు ఉందనే లెక్క. క్యాప్ మరీ ఉబ్బుగా ఉంటే ప్రోబ్ అడ్డంగా తగిలి లోపలికి దిగదు, లోతు తక్కువ చూపిస్తుంది. స్క్రూతో బిగించిన క్యాప్ అయితే విప్పి కొలవడం మేలు.

ఎక్స్‌రేలో చూడాల్సింది మొదట దాని నాణ్యత. ఇంప్లాంటు రెండు వైపులా మర చుట్లు విడివిడిగా, పదునుగా కనిపించాలి. మసకగా కలిసిపోయి కనిపిస్తే కోణం తప్పింది, ఆ ఫొటోతో ఎముక కొలవలేం, మళ్లీ తీయాల్సిందే. బాగా వచ్చిన ఫొటోలో చుట్లే స్కేలు. రెండు చుట్ల మధ్య దూరం ఎంతో కంపెనీ వివరాల్లో ఉంటుంది, బయటపడిన చుట్లను లెక్కపెట్టి దానితో గుణిస్తే సరి. ఇంకో పరిమితి గుర్తుంచుకోండి: ఈ ఎక్స్‌రే ఇంప్లాంటుకి ముందు వెనకల ఉన్న ఎముకనే చూపిస్తుంది. బుగ్గ వైపు, నాలుక వైపు ఎముక ఇంప్లాంటు నీడలో కలిసిపోతుంది.

పాత రికార్డు ఉంటే నిర్ధారణ ఇలా: ప్రోబ్ పెడితే నెత్తురు లేదా చీము, మునుపటికన్నా పెరిగిన లోతు, మొదటి సర్దుబాటుని దాటి తగ్గిన ఎముక. ఈ మూడూ ఉంటే పెరి-ఇంప్లాంటైటిస్. క్యాప్ పెట్టిన మొదటి ఏడాదిలో ఎముక కొద్దిగా సర్దుకోవడం సహజం, 2 మి.మీ. దాటితే మాత్రం అనుమానించాలి. పాత రికార్డు లేకపోతే 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల వైద్యుల సంఘాలు కలిసి కుదుర్చుకున్న కొలమానం వాడతారు: నెత్తురు లేదా చీముతోపాటు లోతు 6 మి.మీ. లేదా అంతకన్నా ఎక్కువ, ఎముక 3 మి.మీ. లేదా అంతకన్నా కిందికి.

ఒక కేసు మొదటి నుంచి చివరిదాకా

కూకట్‌పల్లిలో ఉండే 54 ఏళ్ల ఆయన అనుకుందాం. కింది కుడి వైపు మొదటి పెద్ద దంతం చోట నాలుగేళ్ల క్రితం ఇంప్లాంట్. షుగర్ ఉంది, మూడు నెలల సగటు చెప్పే HbA1c పరీక్షలో 8.1. అంతకుముందు చిగుళ్ల జబ్బుతోనే రెండు పళ్లు పోయాయి. ఇప్పుడు నాలుక వైపు నెత్తురు, అప్పుడప్పుడు నోట్లో ఉప్పగా తగులుతోంది. నొప్పి లేదు.

క్యాప్ పెట్టిన రోజు ఎక్స్‌రేలో ఎముక మొదటి చుట్టు దాకా ఉంది, లోతు అన్ని చోట్లా 3 మి.మీ. ఏడాదికి తీసిన ఫొటోలో ఒక చుట్టు బయటపడింది. ఈ కంపెనీ చుట్ల మధ్య దూరం 0.8 మి.మీ., అంటే తగ్గింది 0.8. సహజ సర్దుబాటే. ఇవాళ్టి ఫొటోలో నాలుగు చుట్లు, అంటే 3.2 మి.మీ. ఏడాది తర్వాత పోయింది 2.4 మి.మీ. అన్నమాట. నాలుక వైపు లోతు 7 మి.మీ., నొక్కితే చీము. ఇక సందేహం అక్కర్లేదు.

ఇప్పుడు ‘ఎందుకు’ అనేది వెతకాలి. ఒకే ఇంప్లాంట్, సిమెంట్ క్యాప్, నెత్తురు ఒక వైపే. ఇలాంటప్పుడు మొదటి అనుమానం చిగురు కిందికి జారి మిగిలిపోయిన సిమెంటు మీద. అన్ని సిమెంట్లూ ఎక్స్‌రేలో కనిపించవు, కనిపించినా నాలుక వైపుది ఇంప్లాంటు నీడలో దాక్కుంటుంది. కాబట్టి ఫొటో శుభ్రంగా ఉందని వదిలేయకూడదు. ఈయనకు క్యాప్ కోసి తీసి చూస్తే నాలుక వైపు చిగురు లోపల బియ్యపు గింజలో సగమంత తెల్లని ముక్క, దాని చుట్టూ గార.

మొదటి విడత చికిత్స ఆపరేషన్ లేకుండా. సిమెంటు ముక్క తీశారు, బయటపడిన చుట్లను టైటానియం పనిముట్లతో, గ్లైసిన్ లాంటి మెత్తని పొడి చిమ్మే యంత్రంతో శుభ్రం చేశారు. సొంత పళ్లకు వాడే మామూలు స్టీలు స్కేలర్ మొనతో రుద్దితే టైటానియం మీద గీతలు పడతాయి. మిగతా పళ్ల చిగుళ్లకూ అదే విడతలో వైద్యం చేయాలి, లేకపోతే జబ్బు అక్కడి నుంచి మళ్లీ ఇక్కడికి వస్తుంది. కొత్త క్యాప్ స్క్రూతో విప్పగలిగేది, కింద ఉబ్బు తగ్గించి బ్రష్ దూరేలా చేసింది. షుగర్ డాక్టర్‌తో మాట్లాడి మందులు సరిచేయించారు.

ఎనిమిది వారాల తర్వాత మళ్లీ కొలత. చీము పోయింది. లోతు 7 నుంచి 6కి తగ్గింది. నెత్తురు రెండు చోట్ల ఇంకా వస్తోంది. ఇది చాలదు. లోతు 5 మి.మీ. లేదా అంతకు తక్కువ, నెత్తురు ఒకచోటికి మించకుండా, చీము అసలు లేకుండా ఉండాలి. చిగురు కింద మర చుట్ల పల్లాల్లోకి పనిముట్టు పూర్తిగా వెళ్లదు కాబట్టి ఎముక ఇంత పోయాక మొదటి విడతతోనే ముగియడం తరచూ జరగదు. అందుకే ఆరు నుంచి పన్నెండు వారాల మధ్య తిరిగి కొలవడం ముందే ఖాయం చేసుకోవాలి. క్లీనింగ్ అయ్యాక బాగుందనిపించి ఆ అపాయింట్‌మెంట్ ఎగ్గొట్టేవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

రెండో విడతలో చిగురు తెరిచి, చుట్లను కళ్లతో చూస్తూ శుభ్రం చేసి, చిగురును కొంచెం కిందికి జరిపి కుట్టారు. ఎముక గుంత చుట్టూ గోడలు బాగా మిగిలి లోతుగా ఉంటే ఎముక పొడి నింపే పద్ధతి కూడా ఉంది. వెడల్పుగా పల్చగా ఉన్న గుంతలో అది నిలవదు. ఆరు నెలలకు లోతు 4 మి.మీ., నెత్తురు లేదు, ఎక్స్‌రేలో ఎముక అక్కడే ఆగింది. మూల్యం ఒకటుంది: నాలుక వైపు చిగురు దిగి కాస్త లోహం బయట కనిపిస్తోంది. వెనక పన్ను కాబట్టి ఎవరికీ కనబడదు. ముందు పన్నయితే ఈ మాట సర్జరీకి ముందే పేషెంట్‌కి చెప్పి ఒప్పించాలి.

ఇక్కడ ఒక తప్పు దారి గురించి చెప్పాలి. చీము కనిపించగానే మందుల షాపులో మెట్రోనిడజోల్ స్ట్రిప్ కొనుక్కుని మింగడం. రెండు మూడు రోజులు తగ్గినట్టుంటుంది, సిమెంటూ పాచీ ఉన్నచోటే ఉంటాయి, ఎముక కరుగుతూనే ఉంటుంది. డాక్టర్లు కూడా మొదటి విడతలో మాత్రల మీద ఆధారపడకూడదనే ఇప్పటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముఖం వాచి జ్వరం వస్తే అది వేరే సంగతి, ఆ రోజే వెళ్లాలి.

ఇంప్లాంటే కదులుతుంటే కాపాడే ప్రయత్నం దండగ, తీసేయాలి. ఎముక మూడింట రెండొంతులు పోయినప్పుడు కూడా ఎక్కువ సందర్భాల్లో తీయడమే మేలు. లాగుతూ ఉంటే రెండోసారి ఇంప్లాంట్ పెట్టడానికి కావాల్సిన ఎముక కూడా మిగలదు.

రోజువారీ శుభ్రత

రాత్రి పడుకునే ముందు చేసేదే లెక్క. ముందు మెత్తని బ్రష్‌తో మామూలుగా తోమండి. పేస్టు గరుకు లేనిది చాలు. బొగ్గు పొడి, ఉప్పు, గరుకు పళ్లపొడి ఇంప్లాంటు దగ్గరికి రానివ్వకండి. వేపపుల్ల సొంత పళ్ల బయటి వైపు పనికొస్తుందేమో గానీ క్యాపు కింది వంపులోకి చేరదు.

తర్వాత ఒకే కుచ్చు ఉన్న చిన్న బ్రష్. కింది వెనక పంటికి నాలుక వైపే అందరూ వదిలేస్తారు, ఎందుకంటే నాలుక అడ్డొస్తుంది. నోరు సగమే తెరవండి, నాలుక కాస్త సడలి చోటు వస్తుంది. కుచ్చును చిగురు అంచుకి 45 డిగ్రీల వాలుగా ఆనించి చిన్న సున్నాలు చుడుతూ ముందు నుంచి వెనక్కి వెళ్లండి. ఒక్కో వైపు పది సెకన్లు.

ఆ తర్వాత సందుల బ్రష్. మధ్య తీగకు ప్లాస్టిక్ పూత ఉన్నదే కొనండి, వట్టి తీగ లోహాన్ని గీస్తుంది. సైజు మీరే ఊహించి కొనకుండా క్లినిక్‌లో పెట్టి చూపించమనండి. దూర్చినప్పుడు వెంట్రుకలు రెండు వైపులా ఒరుసుకోవాలి, తీగ మాత్రం తగలకూడదు. సులువుగా జారిపోతే సైజు చిన్నది, బలవంతంగా తోయాల్సి వస్తే పెద్దది. ఇంప్లాంటు ముందు సందుకీ వెనక సందుకీ సైజు వేరుగా ఉండటం మామూలే. బుగ్గ వైపు నుంచి దూర్చి, మొన కాస్త క్యాపు వైపుకి ఎత్తి, నాలుగైదు సార్లు ముందుకీ వెనక్కీ ఆడించండి. ఆ తర్వాత బ్రష్‌ను ఇంప్లాంటు వైపు ఒత్తి మళ్లీ అంతే. వీలైతే నాలుక వైపు నుంచి కూడా. వెంట్రుకలు వాలిపోయినా, తీగ వంగినా పారేయండి. సర్జరీ అయ్యాక సందు పెరుగుతుంది, సైజు మళ్లీ చూపించుకోవాలి.

చుట్లు బయటపడిన చోట పళ్ల సందులు శుభ్రం చేసే మామూలు దారం వాడకండి. గరుకు లోహానికి దారం పీచు చిక్కుకుని లోపలే ఉండిపోతుంది. దానివల్లే వాపు వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. నీళ్లు చిమ్మే యంత్రం ఉంటే మంచిదే, కానీ అది బ్రష్‌కి బదులు కాదు. ధారను చిగురు లోపలికి గురిపెట్టకుండా అంచు వెంట అడ్డంగా, తక్కువ ఒత్తిడితో తిప్పండి.

క్లోర్‌హెక్సిడిన్ పుక్కిలింత 0.2 శాతంది 10 మి.లీ. చొప్పున రోజుకి రెండుసార్లు, అదీ డాక్టర్ చెప్పిన రెండు వారాలే. పేస్టుతో తోమిన వెంటనే పోసుకుంటే పేస్టులోని నురుగు పదార్థం దాని పని చెడగొడుతుంది, అరగంట ఆగండి. పుక్కిలించాక ఇరానీ చాయ్ తాగితే పళ్ల మీద గోధుమ మరకలు పడతాయి. నెలల తరబడి వాడేవాళ్లకు మరకలతోపాటు రుచీ మందగిస్తుంది.

సిగరెట్ పొగ చిగురుకి రక్తాన్ని తగ్గిస్తుంది. జర్దా పాన్, గుట్కా బుగ్గలో దాచుకునేవాళ్లకు ఆ పక్కనే ఉన్న ఇంప్లాంట్ చిగురు నిరంతరం ఒరుసుకుపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు HbA1c కాగితాన్ని పళ్ల డాక్టర్‌కి కూడా చూపించండి.

తిరిగి చూపించుకోవడం

చిగుళ్ల జబ్బు చరిత్ర, షుగర్, పొగ, ఇంతకుముందు పెరి-ఇంప్లాంటైటిస్, వీటిలో ఏది ఉన్నా మూడు నెలలకోసారి. ఏదీ లేనివాళ్లకు ఆరు నెలలు. ఏడాది మాత్రం ఎవరూ దాటకూడదు. పీరియాడాంటిస్ట్, అంటే చిగుళ్ల నిపుణుడు చూస్తే మేలు. ప్రైవేటు ఖర్చు భరించలేనివాళ్లకు అఫ్జల్‌గంజ్‌లోని ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో ఆ విభాగం ఉంది. పాత ఎక్స్‌రేలు వెంట తీసుకెళ్లండి.

వెళ్లిన ప్రతిసారీ పాలిష్ చేయించుకుని వచ్చేయకుండా, ఆరు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. ఎక్స్‌రే ప్రతిసారీ అక్కర్లేదు. లోతు పెరిగినప్పుడో, నెత్తురు ఆగనప్పుడో తీస్తే చాలు. ఊరు మారేవాళ్లు వెళ్లే నెలలోనే ఒకసారి కొలిపించుకుని, ఆ అంకెలు, తేదీ వేసిన ఎక్స్‌రే ఫైలు, ఇంప్లాంట్ స్టిక్కర్ ఫొటో మూడూ మీకు మీరే ఒక మెయిల్‌లో పంపుకోండి. అక్కడి డాక్టర్ మొదట అడిగేవి అవే.